షార్ట్ ఫిల్మ్ బ్యానర్‌కి పేరు పెట్టడం ఎలా: టీ కొట్టు దగ్గర తేల్చేయకండి

మొదటి షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్ అయిపోయి, ఎల్లుండి అప్‌లోడ్ అనగా ఎవడికో ఒకడికి గుర్తొస్తుంది: "ఒరేయ్, ఇంతకీ బ్యానర్ పేరేంట్రా?" అప్పుడు టీ తాగుతూ పావుగంటలో ఒక పేరు పుడుతుంది. మా పేరూ అలాగే పుట్టింది. కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో మేం ఐదుగురం 'కల క్రియేషన్స్' అని పెట్టేసుకున్నాం. మూడు సినిమాలు తీశాక ఆ పేరు వదిలేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

వదిలేయడానికి కారణాలు మూడు. ఒకటి, ఇంగ్లీషులో రాస్తే అది Kala. దాన్ని కల అని చదవొచ్చు, కళ అనొచ్చు, కాల అనీ అనొచ్చు. ఒక ఫెస్టివల్ వాళ్లు సర్టిఫికెట్ మీద Kaala అని అచ్చేసి పంపారు. రెండు, వేరే ఊళ్లో అదే పేరుతో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ఉన్నారు. మా సినిమా కింద కామెంట్లలో "అన్నా, ప్రీ వెడ్డింగ్ ప్యాకేజీ ఎంత?" అని అడిగేవారు. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఛానెల్ మా కెమెరామన్ సొంత జీమెయిల్ మీద ఉండేది. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లి, ఫోన్ నంబర్ మార్చి, పాస్‌వర్డ్ మర్చిపోయాడు. వాడిది తప్పని అనలేను. ఆ పేరు ఎవరిదో మేమెప్పుడూ తేల్చుకోలేదు, అంతే.

ఇంకో సంగతి ముందే తెలుసుకోండి. ఛానెల్ పేరు తర్వాతైనా మార్చుకోవచ్చు కానీ, యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియోని అదే లింకులో ఉంచి, లోపల ఫైలు మార్చడం కుదరదు. సినిమా మొదట్లో వేసిన పేరు కార్డు మార్చాలంటే తీసేసి మళ్లీ ఎక్కించాలి. వ్యూస్, కామెంట్లు, ఎవరో షేర్ చేసుకున్న లింకులు అన్నీ పోతాయి. అందుకే ఈ పనంతా మొదటి అప్‌లోడ్‌కి ముందే జరగాలి. రెండు వారాలు చాలు.

కిందటేడు మా పిన్ని కొడుకు, వాడి స్నేహితులు నలుగురు రాజమండ్రిలో ఇదే పని మీద పడ్డారు. "అన్నయ్యా, ఓ మంచి పేరు చెప్పవా" అని ఫోన్ చేశాడు. పేరు చెప్పలేదు, పద్ధతి చెప్పాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా. వాళ్లు చివరికి తేల్చుకున్న అసలు పేరు ఇక్కడ పెట్టడం లేదు, దాని బదులు అలాంటి మాటలతోనే ఉదాహరణలు ఇస్తున్నా. ఇందులో ఏ పేరూ ఖాళీగా ఉందని అనుకోవద్దు. నచ్చితే మీరే వెతికి చూసుకోవాలి.

మొదటి మెట్టు: ఎవరికి వాళ్లు పది మాటలు

అందరూ ఒకచోట కూర్చుని పేరు ఆలోచించకండి. గట్టిగా మాట్లాడేవాడి పేరే గెలుస్తుంది. ఒక ఆదివారం దాకా గడువు పెట్టుకుని, ఎవరికి వాళ్లు విడిగా పదేసి మాటలు రాసి తెచ్చుకోండి. క్రియేషన్స్, ప్రొడక్షన్స్ లాంటి తోక ఇప్పుడే తగిలించొద్దు. ఉత్త మాట చాలు.

రెండు రకాల మాటలు మాత్రం రాయకూడదు. మొదటిది మనుషుల పేర్లు, వాటి పొడి అక్షరాలు. తెలుగు సినిమాలో ఇంటివాళ్ల పేరు బ్యానర్‌కి పెట్టడం పాత అలవాటే. రామానాయుడు గారు 1964లో పెట్టిన సురేష్ ప్రొడక్షన్స్‌కి ఆయన పెద్దబ్బాయి పేరే పెట్టారు. కానీ అది కుటుంబ సంస్థ. డబ్బు, పేరు, వారసత్వం ఒకే ఇంట్లో ఉంటాయి. మీరు ఐదు ఇళ్ల పిల్లలు. ఒకడి చెల్లెలి పేరు పెడితే మిగతా నలుగురూ ఎప్పటికీ అద్దెకున్నవాళ్లే. ఐదుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే సమానంగా ఉంటుందనుకుంటారు గానీ, ఆ ఐదు అక్షరాలని బయటివాడెవడూ గుర్తుపెట్టుకోడు. పలకడానికీ నోరు తిరగదు.

రెండోది మనుషుల లెక్క. 'ఫైవ్ ఫ్రెండ్స్', 'నలుగురం', 'పాండవాస్'. ఒకడు తప్పుకున్న మర్నాడు ఆ పేరు వెక్కిరింతలా ఉంటుంది. తప్పుకునేవాడు ఉంటాడు. అమెరికా వీసా వస్తుంది, గ్రూప్స్ ప్రిపరేషన్ మొదలవుతుంది, పెళ్లవుతుంది.

మరి ఎక్కడ వెతకాలి? మంచి మాటలు చాలావరకు వస్తువుల్లో, పనుల్లో, మీ ఊరి నేలలో దొరుకుతాయి. 'విజన్', 'డ్రీమ్', 'ప్యాషన్' లాంటివి ప్రతివాడి జాబితాలోనూ ఉంటాయి, వాటిని చదివితే కళ్ల ముందు ఏ బొమ్మా కదలదు. వైజయంతీ మూవీస్ అనే పేరు చూడండి. వైజయంతి అంటే కృష్ణుడి మెడలో మాల. ఆ లోగోలో ఎన్టీఆర్ కృష్ణుడి వేషంలో శంఖం ఊదుతూ కనిపిస్తారు. మాటలోంచే బొమ్మ వచ్చింది. మీ మాటకి కూడా ఒక బొమ్మ ఉంటే రేపు లోగో గీసేవాడికి పని సగం తగ్గుతుంది.

రాజమండ్రి కుర్రాళ్ల యాభై మాటల్లో రిపీట్లు, చప్పటివి పోగా ఆరు మిగిలాయి: బుడ్డిదీపం, లాంతరు, తొలి అడుగు, పంటు, అరుగు, కవ్వం.

రెండో మెట్టు: ఇంగ్లీషు స్పెల్లింగు పరీక్ష

తెలుగు పేరు పెట్టేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మీ ప్రేక్షకులు తెలుగువాళ్లే అయినా వెతికేది మాత్రం ఇంగ్లీషు కీబోర్డు మీద. ఛానెల్ హ్యాండిల్, ఇన్‌స్టా పేరు, ఫెస్టివల్ ఫారం అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. మన మాటలకేమో ఇంగ్లీషులో స్థిరమైన స్పెల్లింగు లేదు. త అనే అక్షరాన్ని ఒకరు t అని, ఇంకొకరు th అని రాస్తారు. దీర్ఘాన్ని ఒకరు aa అంటారు, ఇంకొకరు వదిలేస్తారు. డ, ద రెండూ d లోకే పోతాయి.

పరీక్ష తేలిక. సినిమాతో సంబంధం లేని ఓ పదిమందికి ఆ మాటని వాట్సాప్‌లో తెలుగు లిపిలో పంపి, "దీన్ని ఇంగ్లీషులో టైప్ చేసి పంపు" అనండి. కారణం చెప్పొద్దు. పదిమందిలో ఎనిమిది మంది ఒకేలా రాస్తే ఆ మాట నిలబడినట్టు. మూడు నాలుగు రకాలు వస్తే, మీకెంత నచ్చినా పక్కన పెట్టండి.

'లాంతరు'కి Lantaru, Lantharu, Laantharu, Lanthar అని నాలుగు వచ్చాయి. 'తొలి అడుగు'కి Toli, Tholi తేడా ఎలాగూ ఉంది, పైగా రెండు మాటలు కలిపి రాయాలా విడదీయాలా అన్న గొడవ. 'బుడ్డిదీపం' కథ ఇంకా బాగుంది. Buddideepam అని రాస్తే ఒకావిడ దాన్ని 'బుద్ధిదీపం' అని చదివి, "ఏదో భక్తి ఛానెల్ పెడుతున్నారా బాబూ" అని అడిగారట. మా కల, కళ గొడవకి ఇది అక్క లాంటిది.

అందుకే పరీక్ష రెండు వైపులా చెయ్యాలి. వచ్చిన ఇంగ్లీషు స్పెల్లింగుని వేరే పదిమందికి పంపి, తెలుగులో చదవమనండి. Pantu పంపితే సగం మంది 'ప్యాంటు' అని చదివారు. గోదావరి మీద మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు అంటే ఆ కుర్రాళ్లకి ప్రాణం, కానీ ఏం చేస్తాం, కొట్టేశారు. Arugu అని రాస్తే అరుగు అనే చదివారు. Kavvam కూడా అంతే, ఒకే స్పెల్లింగు, ఒకే చదువు.

స్పెల్లింగు అనగానే న్యూమరాలజీ గుర్తొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లెవరో మధ్యలో ఒక h, చివర ఇంకో a కలపమంటారు. నమ్మకం మీ ఇష్టం. అయితే ఆ అదనపు అక్షరం ఎవడూ టైప్ చెయ్యడు, మీరు వాడికి దొరకరు. తప్పదనుకుంటే లోగోలో కలుపుకుని హ్యాండిల్స్‌లో మామూలు స్పెల్లింగే ఉంచండి.

మూడో మెట్టు: చెవి పరీక్ష

షూటింగ్‌కి ఇల్లు అడగడానికి వెళ్తే ఇంటాయన గుమ్మంలో నిలబడి అడిగే మొదటి ప్రశ్న, "ఏ బ్యానర్ బాబూ మీది?" మీరు చెప్పింది ఆయనకి ఒక్కసారికే అర్థం కావాలి. మూడుసార్లు చెప్పాల్సి వస్తే, దొంగ పేరు చెబుతున్నట్టు ఉంటుంది మీ వాలకం.

బస్టాండు లాంటి గోల ఉన్నచోట నిలబడి, ఎవరికైనా ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పండి. ఏం విన్నారో రాసి పంపమనండి. మిగిలిన రెండు మాటల్నీ మావాడు ఇలాగే పరీక్షించాడు. 'అరుగు' ఆరుగురికి చెబితే నలుగురు 'అడుగు' అని రాశారు. 'కవ్వం' చెబితే ఇద్దరు 'కావ్యం' అని రాశారు, నలుగురు సరిగ్గానే విన్నారు.

రెండింటికీ లోపం ఉంది. అలాంటప్పుడు ఎవరికి ఎక్కువ తప్పుగా వినిపించిందన్న లెక్క ఒక్కటే చూడొద్దు, తప్పుగా విన్నవాడు ఎక్కడికి పోతాడో కూడా చూడాలి. అరుగుని అడుగు అనుకున్నవాడు యూట్యూబ్‌లో 'అడుగు' అని కొడితే ఆ మాట ఉన్న పాటలు, సినిమాలు, ఛానెళ్లు వరదలా వస్తాయి, అందులో మునిగిపోతాడు. కవ్వాన్ని కావ్యం అనుకున్నవాడూ దారి తప్పుతాడు గానీ, లోగోలో కవ్వం బొమ్మ ఒకసారి చూశాక మళ్లీ తప్పు వినడు. ఐదుగురిలో ముగ్గురు కవ్వం వైపు మొగ్గారు. పాలు చిలికితే వెన్న వచ్చినట్టు కథని చిలకడం అని ఒకడు వ్యాఖ్యానం కూడా మొదలుపెట్టాడు. పేరు వెనక ఇంత తాత్పర్యం అక్కర్లేదని వాడికి చెప్పాను, ఆగలేదు.

నాలుగో మెట్టు: తోక

ఇప్పుడు చివర ఏం తగిలించాలో చూడండి. చిన్న ఊళ్లలో ఇది పెద్దవాళ్లు అనుకునేదానికన్నా ముఖ్యం. 'ఆర్ట్స్' అని పెడితే బోర్డులు రాసేవాళ్లనుకుని "ఫ్లెక్సీ అడుగు ఎంత?" అని ఫోన్లు వస్తాయి. 'డిజిటల్స్' అంటే ఫోటో స్టూడియో. 'క్రియేషన్స్' ని పెళ్లి వీడియోల వాళ్లు ఎప్పుడో తీసేసుకున్నారు. 'స్టూడియోస్' అంటే అద్దెకిచ్చే ఫ్లోరు ఉందనుకుంటారు. ఒక్క గదీ ఒక్క రింగ్ లైటూ ఉన్నవాళ్లకి అది నప్పదు. 'ఫిల్మ్స్' గానీ 'పిక్చర్స్' గానీ పెడితే సినిమా తీస్తారన్న సంగతి సూటిగా తెలుస్తుంది. పొట్టిగా కూడా ఉంటాయి.

ఇక్కడొక అపోహ తీర్చేయాలి. వేరేవాళ్లకి 'ఫలానా క్రియేషన్స్' ఉంటే మేం 'ఫలానా పిక్చర్స్' అని పెట్టుకుంటాం, గొడవేముంది అంటారు. ఉంది. ఫిల్మ్స్, పిక్చర్స్ అనేవి వ్యాపారం ఏమిటో చెప్పే మాటలు, ఎవరి సొత్తూ కావు. రెండు పేర్లు ఒకేలా ఉన్నాయా లేవా అని చూసేటప్పుడు బరువంతా ముందున్న మాట మీదే పడుతుంది. తోక మార్చినంత మాత్రాన పేరు మారినట్టు కాదు.

ప్రభుత్వానికి సంబంధం ఉందనిపించే మాటల జోలికీ పోవద్దు. జాతీయ చిహ్నాలు, కొందరు మహనీయుల పేర్లు వ్యాపారానికి వాడకుండా 1950 నాటి చట్టం ఒకటి ఉంది. అశోకచక్రం, గాంధీ పేరు దాని పరిధిలోకి వస్తాయి.

ఐదో మెట్టు: వెతకడం

దీనికి ఒక పూట కేటాయించండి. మొదట యూట్యూబ్‌లో పేరుని తెలుగులో ఒకసారి, రెండో మెట్టులో మీకు వచ్చిన ఇంగ్లీషు స్పెల్లింగులన్నిటితో ఒక్కోసారి వెతకండి. ఫిల్టర్‌లో ఛానెళ్లు మాత్రమే చూపించమనండి. తోక లేకుండా ఒకసారి, రకరకాల తోకలతో ఒకసారి. తర్వాత ఇన్‌స్టా, గూగుల్. చచ్చిపోయిన ఛానెల్ దొరికితే కంగారక్కర్లేదు. ఏడేళ్ల కిందట రెండు వీడియోలు పెట్టి వదిలేసినవాడి వల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. మీలాగే షార్ట్ ఫిల్ములో, పాటలో తీస్తూ ఈ మధ్య కూడా వీడియోలు పెట్టినవాడు దొరికితే మాత్రం, వాడికి యాభై మందే సబ్‌స్క్రైబర్లు ఉన్నా సరే, ఆ పేరు వాడిదే. తర్వాతి మాటకి వెళ్లండి.

ఆ తర్వాత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ. ipindia.gov.in లో ట్రేడ్‌మార్కుల పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ క్లాసు నంబరు అడుగుతుంది. వస్తువులు, సేవలు అన్నిటినీ 45 క్లాసులుగా విడగొట్టారు. సినిమా నిర్మాణం, వినోదం 41లోకి వస్తాయి. డౌన్‌లోడ్ చేసుకునే వీడియోలు, రికార్డింగులు 9లోకి వస్తాయి. ముందు 41లో, తర్వాత 9లో చూడండి. వెతికే పద్ధతి Wordmark అని ఉంటే ఆ అక్షరాలనే వెతుకుతుంది. Phonetic అని పెడితే వినడానికి దగ్గరగా ఉన్నవి కూడా చూపిస్తుంది. మనకి రెండోదే ముఖ్యం, ఎందుకంటే మన స్పెల్లింగులు ఎటూ తిన్నగా ఉండవు. కవ్వం అయితే Kavam, Kavvam రెండూ కొట్టాలి, పనిలో పని Kavyam కూడా.

ఫలితాల్లో ప్రతి పేరు పక్కన ఒక స్థితి రాసి ఉంటుంది. Registered అంటే చెప్పేదేముంది. Objected, Opposed అంటే ఇంకా తేలలేదు, కానీ ఎవడో అడిగాడు. Abandoned అని చూడగానే ఖాళీ అని సంబరపడతారు. అది దరఖాస్తు వదిలేశాడని చెబుతుందే తప్ప పేరు వాడటం మానేశాడని కాదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా ముందు నుంచి వాడుతున్నవాడికి మన చట్టంలో హక్కు ఉంది. ఆ పేరుని గూగుల్‌లో కొట్టి, మనిషి ఇంకా రంగంలో ఉన్నాడో లేడో చూసుకోండి.

వేరే క్లాసులో అదే పేరు కనిపిస్తే, ఉదాహరణకి నెయ్యికో మజ్జిగకో కవ్వం అని ఉంటే, మామూలుగా అడ్డు కాదు. అయితే అది ఇంటింటికీ తెలిసిన పెద్ద బ్రాండు అయితే వేరే క్లాసైనా దూరంగా ఉండటమే మేలు.

ఆరో మెట్టు: ఒకే రోజు రెండు పనులు

పేరు తేలిన రోజే హ్యాండిల్స్ తీసుకోవాలి, కాగితం రాసుకోవాలి. రెంటికీ మధ్య రోజులు పోనివ్వకండి.

హ్యాండిల్ అన్నిచోట్లా ఒకటే ఉండాలి. యూట్యూబ్ హ్యాండిల్ 3 నుంచి 30 అక్షరాల దాకా ఉండొచ్చు, ఇన్‌స్టాలో కూడా 30 దాటకూడదు. యూట్యూబ్ హైఫన్ ఒప్పుకుంటుంది, ఇన్‌స్టా ఒప్పుకోదు. అందుకని చుక్కలూ గీతలూ అంకెలూ ఏవీ లేకుండా ఉత్త అక్షరాలతో, తోక కలిపి, `kavvamfilms` లాగా పెట్టుకోండి. ఒట్టి `kavvam` దొరక్కపోయినా బాధపడక్కర్లేదు. తోకకి ఇదే అసలు ఉపయోగం.

ఇవన్నీ ఎవరి సొంత జీమెయిల్ మీదా తెరవొద్దు. బ్యానర్ పేరుతో కొత్త జీమెయిల్ తెరవండి. రికవరీ ఫోన్ నంబర్ ఒకరిది, రికవరీ మెయిల్ ఇంకొకరిది పెట్టండి. రెండు దశల లాగిన్ పెట్టాక బ్యాకప్ కోడ్లు వస్తాయి, వాటిని ప్రింటు తీసి ఇద్దరి ఇళ్లలో ఉంచండి. తర్వాత యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో Permissions లోకి వెళ్లి మిగతావాళ్లని మేనేజర్లుగా చేర్చండి. పాస్‌వర్డు వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సిన అవసరం అప్పుడు ఉండదు. ఇది మేం చేసి ఉంటే బెంగళూరు వెళ్లిన మావాడు నిశ్చింతగా ఉద్యోగం చేసుకునేవాడు, మా మూడు సినిమాలూ మా చేతిలో ఉండేవి.

ఇక కాగితం. మొహమాటం ఇక్కడే అడ్డొస్తుంది. "మన మధ్య కాగితాలేంట్రా" అనేవాడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. వాణ్ణే రాయమనండి. పేజీన్నర చాలు, అందులో పేరు గురించి నాలుగు ప్రశ్నలకి జవాబు ఉండాలి. పేరు ఎవరిది? (అందరిదీ ఉమ్మడిగా అనో, పెట్టబోయే సంస్థది అనో.) ఒకరు తప్పుకుంటే పేరు ఎవరి దగ్గర ఉంటుంది? తప్పుకున్నవాడు తర్వాత అదే పేరు, లేదా దాన్ని పోలిన పేరు వాడొచ్చా? అందరూ విడిపోతే పాత సినిమాల ఛానెల్‌ని ఎవరు చూసుకుంటారు, అందులోంచి రూపాయి వస్తే ఎలా పంచుకుంటారు? రాజమండ్రి వాళ్లు మూడో ప్రశ్న దగ్గర గంటన్నర గొడవపడ్డారు. ఆ గొడవ అప్పుడే అయిపోవడం మంచిదైంది.

సినిమాల మీద డబ్బు రావడం, ఖర్చవడం మొదలయ్యాక ఇదే కాగితాన్ని భాగస్వామ్య ఒప్పందంగా మార్చి, ఫర్మ్‌ని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించుకోవచ్చు. నమోదు తప్పనిసరి కాదు గానీ, నమోదు లేని ఫర్మ్ తనకి రావాల్సిన బాకీ కోసం బయటివాళ్ల మీద కోర్టుకి వెళ్లడం కుదరదు. స్టాంపు విలువ, రాయింపు సంగతులు మీ ఊరి డాక్యుమెంట్ రైటర్ చెబుతాడు. షార్ట్ ఫిల్ములకి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ దాకా పోవడం నా లెక్కలో తొందరపాటు. ఏటేటా ఆడిట్, ఫైలింగుల ఖర్చే ఒక సినిమా బడ్జెట్ అవుతుంది.

ఏడో మెట్టు: ట్రేడ్‌మార్క్, తొందరేం లేదు

కంపెనీగానో ఫర్మ్‌గానో నమోదైతే పేరు మనదైపోయిందని చాలామంది అనుకుంటారు. అది వేరు, ట్రేడ్‌మార్క్ వేరు. పేరు మీద హక్కుని గట్టిచేసేది ట్రేడ్‌మార్కే. అయినా మొదటి రోజే పరుగెత్తక్కర్లేదు. రెండు మూడు సినిమాలు వచ్చి, ఇదే పేరుతో కొనసాగుతామన్న నమ్మకం కుదిరాక చేయొచ్చు. ఈలోగా అప్‌లోడ్ తేదీలు, పోస్టర్లు, ఫెస్టివల్ మెయిళ్లు దాచి ఉంచండి. ఎప్పటి నుంచి వాడుతున్నారో చూపించడానికి అవే సాక్ష్యం.

ఆన్‌లైన్లో దరఖాస్తు ఫీజు ఒక్కో క్లాసుకి వ్యక్తులకీ, స్టార్టప్‌లకీ, చిన్న సంస్థలకీ 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. ఇక్కడొక గుంట ఉంది, చూసి నడవండి. ఫీజు సగం అవుతుందని ఒకడి పేరు మీద దరఖాస్తు పెట్టేస్తారు. దరఖాస్తుదారుడిగా ఎవరి పేరు ఉంటే మార్కు వాడిదే. ఐదుగురూ తలా తొమ్మిది వందలు వేసుకుని ఒకడికి పేరు రాసిచ్చినట్టు అవుతుంది. దానికి బదులు ఫర్మ్ పేరు మీద ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకి ప్రభుత్వం చేసే నమోదు, చేయించుకోండి. అది ఉచితం. ఆ సర్టిఫికెట్ జతచేస్తే ఫర్మ్‌కి కూడా తక్కువ ఫీజే పడుతుంది.

దరఖాస్తు ఒప్పుకున్నాక మార్కుని రిజిస్ట్రీ వాళ్ల జర్నల్‌లో ప్రచురిస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి నాలుగు నెలలు గడువు. ఎవరూ అడ్డు చెప్పకపోతే నమోదవుతుంది, పదేళ్లకోసారి పొడిగించుకోవాలి. లోగో పక్కన ™ ఎవరైనా పెట్టుకోవచ్చు. ® మాత్రం నమోదయ్యాకే, ముందే పెడితే నేరం. చాలా లోగోల్లో అందం కోసం పెట్టేస్తుంటారు.

చివరిది: పేరు కార్డు

లోగో డిజైన్ వేరే కథ, కానీ తెలుగు అక్షరాల విషయం ఒకటి పేరు తేల్చేముందే చూసుకోవాలి. ప్రొఫైల్ బొమ్మ ఫోన్లో చిన్న గుండ్రటి బిళ్ల. అందులో వత్తులు ఎక్కువున్న మాట ముద్దైపోతుంది. 'స్వప్నచిత్ర' లాంటిది పెద్ద తెర మీద ముచ్చటగా ఉండొచ్చు, ఆ బిళ్లలో మాత్రం చీమల బారు. ఒకటే వత్తు ఉన్న 'కవ్వం' నిలబడుతుంది. పేరుని బొటనవేలి గోరంత సైజులో చూసి చదవగలిగితే సరే. రామభద్ర, మండలి, ఎన్టీఆర్, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, లైసెన్సు గొడవ లేదు.

కార్డుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైప్ చేస్తే ఒక్కోసారి వత్తులు విడిపోయి, అక్షరం పక్కన పొల్లు పడి కూర్చుంటాయి. ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా లిపులకి సంబంధించిన టెక్స్ట్ సెట్టింగు ఉంటే మార్చి చూడండి. లేకపోతే పేరుని వేరే చోట బొమ్మగా చేసుకుని, వెనక రంగు లేని PNG గా తెచ్చి పెట్టుకోండి. అడ్డంగా ఒకటి, రీల్స్ కోసం నిలువుగా ఒకటి. నాలుగైదు సెకన్లు చాలు, షార్ట్ ఫిల్మ్ చూసేవాడికి లోగో మీద అంతకన్నా ఓపిక ఉండదు.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక లాప్‌టాప్‌లో కాదు, ఎవరిదైనా చవక ఫోన్లో ఒకసారి వేసి చూడండి. మా మొదటి సినిమా మొదట్లో 'క్రియేషన్స్' అన్న మాట 'క్‌రియేషన్‌స్' అని పడింది. ఐదుగురం ఇరవైసార్లు చూసి ఉంటాం ఆ కాపీని. అప్‌లోడ్ చేసిన రాత్రి మా ఎడిటర్ వాళ్ల నాన్నగారు ఫోన్లో చూసి పట్టుకున్నారు.